పోయిరావే అని ఎలా రాయాలి

ప్రశ్న: అక్కా, మాది హనుమకొండ. బీటెక్ నాలుగేళ్ళు హాస్టల్ల ఒకే రూమ్ల ఉన్న నా ఫ్రెండ్ ఎమ్మెస్‌కి డల్లాస్ పోతుంది, ఆగస్టు 9 తెల్లారుజామున నాలుగున్నరకి ఫ్లైట్. ఇద్దరం కలిసే అప్లై చేసినం, చిలుకూరు పోయి పదకొండు ప్రదక్షిణలు కూడా కలిసే చేసినం. దానికి వీసా వచ్చింది, నాకు రెండుసార్లు రిజెక్ట్ అయింది. అది 108 తిరగనీకి పోయినప్పుడు నేనే తోడు పోయిన, దాని పక్కనే నడుసుకుంట కార్డు మీద టిక్కులు నేనే పెట్టిన. వాళ్ళమ్మ ఇక్కడ ఒక్కతే ఉంటది. దానికి మంచి ఫేర్‌వెల్ మెసేజ్ రాద్దామని వారం నుంచి కూసుంటున్న, ఇగో ఇది వచ్చింది: "ప్రియ నేస్తమా, నీ కలలన్నీ సాకారం కావాలని, విజయ శిఖరాలను అధిరోహించాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. మిస్ యూ సో మచ్. ఆల్ ది బెస్ట్." చదివితే నాకే ఏం అనిపిస్తలేదు. నా బాధ దాంట్ల కనబడొద్దు, అట్లని అబద్ధం రాయబుద్ధి అయితలేదు. ఎట్ల రాయాలె?

సమాధానం:

చెల్లీ, నీ ఉత్తరం చదువుతుంటే ఒక చోట ఆగిపోయాను, దాని పక్కనే నడుస్తూ కార్డు మీద టిక్కులు నేనే పెట్టిన అన్నావే, అక్కడ. వారం నుంచి నువ్వు వెతుకుతున్న మెసేజ్ అదే. నువ్వు దాన్ని విషయం చెప్పడానికి మధ్యలో ఒక మాటగా అనేసి ముందుకి వెళ్ళిపోయావ్, ఆ తర్వాత మెసేజ్ రాయాలి అనుకోగానే కలలు సాకారం, విజయ శిఖరాలు అని వేరే ఎవరి గొంతుతోనో మొదలుపెట్టావ్. నాకు రాసిన ఉత్తరం మీ యాసలో ఉంది, నాలుగేళ్ళు పక్క మంచం మీద పడుకున్న పిల్లకి రాసింది మాత్రం పుస్తకం భాషలో ఉంది, నీకు ఏం అనిపించకపోవడానికి కారణం ఇదొక్కటే. నువ్వు ఎప్పుడైనా దాన్ని నేస్తమా అని పిలిచావా? మీరు హాస్టల్లో ఎలా పిలుచుకునేవాళ్ళో ఆ పిలుపుతో మొదలుపెట్టు, ఒసేయ్ అయితే ఒసేయ్, మామా అయితే మామా, ఆ మొదటి మాట సరిగ్గా పడితే మిగతా వాక్యాలు దాని వెనకే అదే యాసలో వస్తాయి, పైన ప్రియ నేస్తమా అని ఉంటే మాత్రం కింద ఏం రాసినా గ్రీటింగ్ కార్డే అవుతుంది.

చిలుకూరు సంగతి తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట చెప్తాను, వీసా కోసం హైదరాబాద్ దగ్గరున్న ఆ బాలాజీ గుడికి వెళ్ళేవాళ్ళు ముందు పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటారు, కోరిక తీరాక మళ్ళీ వచ్చి 108 చేస్తారు, లెక్క తప్పకుండా అంకెలు అచ్చేసిన కార్డు చేతిలో పట్టుకుని ఒక్కో చుట్టుకి ఒక్కో అంకె కొట్టేసుకుంటూ తిరుగుతారు. ఇప్పుడు చూడు, నీకు వీసా రాలేదు, అంటే నువ్వు 108 తిరగాల్సిన పనే లేదు. అయినా దాని మొక్కు కోసం నువ్వూ నూట ఎనిమిది చుట్లు నడిచావ్, లెక్క కూడా నువ్వే చూసుకున్నావ్. నువ్వు దానికి మంచి జరగాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నావని చెప్పడానికి వేరే ఏ వాక్యం అక్కర్లేదు, ఆ రోజుని అలాగే గుర్తు చేస్తే చాలు.

ఇంక రాయడం గురించి. నేను 2011లో ఇలాగే టెక్సాస్‌కి ఎమ్మెస్‌కి వెళ్ళాను, ఇప్పుడు తిరిగొచ్చి ఇక్కడే ఉంటున్నా, కాబట్టి అందుకునే వైపు ఎలా ఉంటుందో తెలుసు. నాకు అప్పట్లో పెద్ద పెద్ద కార్డులు ఇచ్చారు, ఫొటోలు అతికించిన స్క్రాప్‌బుక్ ఒకటి ఇచ్చారు, అది బరువని ఇంట్లోనే వదిలేసి వెళ్ళాను. ఒక ఫ్రెండ్ మాత్రం రూళ్ళ నోట్‌బుక్కులోంచి చింపిన అరపేజీ కాగితం మడిచి, నా డాక్యుమెంట్ల ఫైల్లో యూనివర్సిటీ పంపిన ఐ-20 కాగితం వెనకాల పెట్టి, దిగినాక చదువు అంది. అది మాత్రం ఈ రోజుకీ నా దగ్గర ఉంది. అందులో గొప్ప మాటలేం లేవు, ఎప్పుడు చదువుతానో ఆలోచించి రాసింది, అదే దాని గొప్పతనం.

నువ్వు కూడా ముందు ఇదే తేల్చుకోవాలి, అది దీన్ని ఎప్పుడు చదువుతుంది. ఎయిర్‌పోర్ట్‌లో అయితే వద్దు. నాలుగున్నర ఫ్లైట్ అంటే రాత్రి ఒంటిగంటకల్లా శంషాబాద్‌లో ఉండాలి, హనుమకొండ నుంచి అంటే రాత్రి తొమ్మిదికే బయల్దేరతారు, ఆ రోజంతా ఇల్లు ఎలా ఉంటుందంటే ఇరవై మూడు కిలోల బ్యాగులు రెండూ మళ్ళీ మళ్ళీ తూయడం, ఆవకాయ డబ్బాకి టేపు మీద టేపు చుట్టడం, మేనత్త ఇంకో పొడి ప్యాకెట్ తేవడం, దాన్ని పెట్టడానికి ఏదో చీర తీసేయడం, ఫోన్ మోగుతూనే ఉండడం. ఎయిర్‌పోర్ట్‌లో టికెట్ లేనివాళ్ళని లోపలికి రానివ్వరు కాబట్టి అందరూ బయట గేటు దగ్గరే నిలబడాలి, వాళ్ళమ్మ ఏడుస్తుంటారు, అది ట్రాలీ పట్టుకుని ఎవరి వైపు చూడాలో తెలియక ఉంటుంది. ఆ టైమ్‌లో నువ్వు పెద్ద మెసేజ్ పంపితే అది వాట్సాప్‌లో నలభై ఆల్ ది బెస్ట్‌ల మధ్య పడుతుంది, లవ్ సింబల్ ఒకటి పెట్టి సెక్యూరిటీ చెక్కి పోతుంది, నువ్వేమో ఇంటికొచ్చేదాకా కారులో ఆ లవ్ సింబల్నే చూసుకుంటూ కూర్చుంటావ్.

అది నిజంగా చదవగలిగే టైమ్ ఒకటుంది. ఆగస్టులో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో దాదాపు ఇరవై మూడు గంటల ప్రయాణం వేసుకో, తొమ్మిదో తారీఖు తెల్లారుజామున ఇక్కడ ఎక్కితే అదే తొమ్మిదో తారీఖు సాయంత్రం ఐదింటి ప్రాంతంలో అక్కడ దిగుతుంది. రూమ్‌కి చేరి, ఎవరో సీనియర్ పెట్టిన అన్నం తిని, తొమ్మిదికల్లా ఒళ్ళు తెలియకుండా పడుకుంటుంది, రాత్రి రెండింటికి కళ్ళు టక్కున తెరుచుకుంటాయి, ఎందుకంటే దాని ఒంటికి అది మధ్యాహ్నం పన్నెండున్నర. మొదట్లో చాలామందికి రూమ్‌లో మంచం కూడా ఉండదు, కార్పెట్ మీద కంఫర్టర్ పరుచుకుని పడుకుంటారు, రూమ్మేట్లు నిద్రలో ఉంటారు, బయట ఒక్క మనిషి చప్పుడు ఉండదు, ఏసీ మోత తప్ప. ఇక్కడి రాత్రికీ అక్కడి రాత్రికీ తేడా ఆ మొదటి రెండు మూడు రాత్రుల్లో తెలుస్తుంది. వాళ్ళమ్మకి ఫోన్ చేస్తే గొంతు విని కంగారుపడతారని చేయదు. అప్పుడు చదవడానికి రాయి. నేను ఆ కాగితం తీసింది కూడా రెండో రోజు రాత్రి అలాంటి టైమ్‌లోనే, బాత్రూమ్‌లో లైట్ వేసుకుని.

అందుకని రెండు ముక్కలుగా చెయ్యి. గేటు దగ్గర ఒక్క మాట, నోటితో. అసలు ఉత్తరం కాగితం మీద, నీ చేతిరాతతో, ఒకే పేజీ, చేతి బ్యాగులో ఉండే డాక్యుమెంట్ల ఫైల్లో. చెకిన్ బ్యాగులో వద్దు, అది ఒక్కోసారి రెండు రోజులు ఆలస్యంగా వస్తుంది, వచ్చినా సగం సామాను నెల దాకా విప్పరు. ఫైల్ అయితే ఇమిగ్రేషన్ దగ్గర పాస్‌పోర్ట్, ఐ-20 తీయాలి కాబట్టి ఎలాగూ చేతిలోనే ఉంటుంది. కానీ ఐ-20కి పిన్ చేయకు, ఆ కాగితాల మధ్యలో పెట్టకు, ఆఫీసర్ ముందు అదీ ఇదీ కలిసి రాకూడదు, ఫైల్ చివరి కవర్లో విడిగా పెట్టి, చివరి కవర్లో ఒకటుంది దిగినాక చూడు అని దానికి ముందే చెప్పు, చెప్పకపోతే సెప్టెంబర్ దాకా కనపడకపోవచ్చు.

ఇప్పుడు అసలు కష్టమైన చోటుకి వద్దాం, నీ వీసా. నువ్వు బాధ కనబడొద్దు అంటున్నావ్. కనబడుతుంది చెల్లీ, నువ్వు ఎంత జాగ్రత్తగా రాసినా కనబడుతుంది, ఎందుకంటే అది నీతో నాలుగేళ్ళు ఉంది. పైగా దానికి కూడా ఇదొక బరువు, వీసా వచ్చిన రోజు నుంచి నీ ముందు షాపింగ్ గురించి మాట్లాడాలా వద్దా అని అది లోపల లోపల తూచుకుంటూ ఉంటుంది, నువ్వు ఆ ఊసే ఎత్తకుండా మొత్తం సంతోషంగా రాస్తే, ఇది నాకోసం నటిస్తుంది అని ఆ రాత్రి ఇంకా కుమిలిపోతుంది. కాబట్టి రాయి. కానీ ఎంత, ఎక్కడ అన్నది చూసుకోవాలి. రెండు మూడు చిన్న వాక్యాలు, అంతే, అదీ ఉత్తరం మధ్యలో. మొదట్లో పెడితే ఉత్తరం మొత్తం దాని గురించే అయిపోతుంది, చివర్లో పెడితే చదివాక అదే మిగిలిపోతుంది. మధ్యలో చెప్పి, వెంటనే వేరే పనిలోకి వెళ్ళిపోవాలి, ఇంట్లో మనం మాట్లాడుకుంటూ కళ్ళు తుడుచుకుని సరే బియ్యం కడుగుతా అని లేస్తామే, అలా.

ఇంకో సంగతి, బాధ ఎవరి మీదో కూడా తేల్చి రాయాలి. కౌంటర్ దగ్గర రెండు మూడు నిమిషాలు మాట్లాడి, వీసా ఇవ్వట్లేదని చెప్పే 214(బి) కాగితం చేతికిచ్చి పంపేస్తారు, తిరిగొస్తావన్న నమ్మకం వాళ్ళకి కలగలేదు అన్నదే ఆ కాగితం సారాంశం, నీ చదువు మీద తీర్పు కాదు, నీ ఫ్రెండ్‌కి రావడం వల్ల నీకు ఆగింది కూడా కాదు. ఇది నీకూ తెలుసు, దానికీ తెలుసు, అయినా కాగితం మీద ఒకసారి నీ చేతిరాతలో ఉంటే దానికి ఊపిరి ఆడుతుంది. రాయకూడనివి కూడా చెప్తా. "నువ్వైనా వెళ్తున్నావ్, అదే చాలు" అని రాయకు, చదవడానికి మంచిగానే ఉంటుంది కానీ ఆ "అయినా"లో నీ ఓటమి దాని సంతోషం పక్కన కూర్చుంటుంది, అప్పుడు అది నిన్ను ఓదార్చాలి, తెల్లారుజామున రెండింటికి ఓదార్పు కావాల్సింది దానికి. "వచ్చే స్ప్రింగ్‌కి నేనూ వచ్చేస్తా, రూమ్ చూసి పెట్టు" అని కూడా వద్దు, నువ్వు మళ్ళీ ప్రయత్నం చేస్తావేమో, తప్పకుండా చెయ్యి, కానీ ఈ ఉత్తరంలో అది రాస్తే ఇద్దరూ జనవరి కోసం లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు, ఒకవేళ అవ్వకపోతే ఆ కాగితం తీసి చదువుకోవడానికి ఇద్దరికీ మనసు రాదు. అలాగే నన్ను మర్చిపోకు అనే మాట. ఇది అందరూ రాస్తారు, ప్రేమతోనే రాస్తారు, కానీ అవతలి మనిషికి అది తీర్చాల్సిన అప్పులా ఉంటుంది, క్లాసులు మొదలై క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటల పని దొరికితే అది ఫోన్ ఎత్తలేని రోజులు చాలా ఉంటాయి, ప్రతిసారీ ఆ వాక్యం గుర్తొస్తుంది.

దాని బదులు నువ్వు చేసేది ఒకటి రాయి. నా ఫ్రెండ్ అరపేజీలో నాకు బాగా పనికొచ్చిన వాక్యం ఏంటో తెలుసా, "నెలకోసారి మీ అమ్మ దగ్గరికి పోయి టిఫిన్ తిని వస్తా, నువ్వు చెప్పక్కర్లేదు" అని. చేసింది కూడా. అమ్మ ఫోన్‌లో బాగున్నా అని ఎప్పుడూ చెప్పేది, నిజంగా ఎలా ఉందో నాకు ఆ అమ్మాయి దగ్గర తెలిసేది, మోకాలి నొప్పికి డాక్టర్ దగ్గరికి వెళ్ళిందో లేదో లాంటివి. వదిలి వెళ్ళేవాళ్ళకి అక్కడ పరీక్షలకంటే ఇక్కడ ఒంటరిగా ఉన్న అమ్మే పెద్ద బెంగ, నువ్వే రాశావ్ వాళ్ళమ్మ ఒక్కతే ఉంటది అని, ఆ వాక్యం కూడా నీ ఉత్తరంలోకి పోవాల్సిందే.

మాటిచ్చేటప్పుడు మాత్రం చిన్నగా, తారీఖుతో ఇవ్వు. రోజూ మాట్లాడుకుందాం అనేది ఎవరివల్లా కాదు, రెండు వారాలకే తప్పుతుంది, తప్పాక ఇద్దరికీ మొహమాటం. నెలలో రెండో ఆదివారం, నాలుగో ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మీ అమ్మ దగ్గర ఉంటా, అక్కడి నుంచి ఫోన్ చేస్తా, ఇలా రాయి. ఎందుకు ఎనిమిది అంటే, మన ఆదివారం పొద్దున ఎనిమిది అక్కడ శనివారం రాత్రి తొమ్మిదిన్నర, దానికి క్లాసులు ఉండవు, వంట అయిపోయి ఉంటుంది, మర్నాడు సెలవు. నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు, అప్పటి నుంచి తేడా పదకొండున్నర గంటలు, మన ఎనిమిది దానికి ఎనిమిదిన్నర అవుతుంది, అది కూడా ఇబ్బంది లేని టైమే, మార్చి రెండో ఆదివారం మళ్ళీ మామూలుకి వస్తుంది. టైమ్ మనవైపు మారదు కాబట్టి నువ్వు, ఆంటీ ఎనిమిదికే కూర్చుంటే చాలు. రోజూ టచ్‌లో ఉండాలి అని రాసే బదులు ఈ లెక్క వేసి రాశావనుకో, నువ్వు దాని రోజు ఎలా గడుస్తుందో కూర్చుని ఆలోచించావని దానికి తెలిసిపోతుంది.

ఇక శుభాకాంక్ష. నీ కలలు నిజం కావాలి అనేది ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకీ సరిపోతుంది, పెళ్ళికీ సరిపోతుంది, దాన్ని దీనికే సరిపోయేలా చెయ్యాలంటే దాని మొదటి నెలలో ఏం ఉన్నాయో అవి ఒక్కొక్కటి తలుచుకుని వాటికి మంచి జరగాలని కోరుకో. ఇమిగ్రేషన్ దగ్గర లైన్ ఎక్కువ లేకుండా ఉండాలని, రెండు బ్యాగులూ పగలకుండా రావాలని, వంట వచ్చిన రూమ్మేట్ దొరకాలని, ప్రొఫెసర్ మాట మొదటి క్లాసులోనే అర్థం కావాలని, క్యాంపస్‌లో పని తొందరగా దొరకాలని. చిన్నవే, కానీ ఆ నెలలో దానికి ఇవే పెద్దవి. మన పెద్దవాళ్ళు బయల్దేరేవాళ్ళకి చెప్పే మాట ఎంత బాగుంటుందో చూడు, క్షేమంగా వెళ్ళి లాభంగా రా అంటారు, అందులో పోవడం ఉంది, చేరడం ఉంది, సంపాదించుకోవడం ఉంది, తిరిగి రావడం కూడా ఉంది. మనం గడప దాటేటప్పుడు వెళ్తా అని ఎప్పుడూ అనం, వెళ్ళొస్తా అంటాం, పంపించేవాళ్ళు పో అనరు, పోయిరా అంటారు. గుడ్‌బై లాంటి మాట మనం ఇంట్లో వాడం, వాడేదాంట్లోనే తిరిగొచ్చే దారి ఉంది, అందుకే నీ ఉత్తరంలో చివరి మాట ఆల్ ది బెస్ట్ కాకుండా పోయిరావే అని ఉంటే నాకు నచ్చుతుంది. గేటు దగ్గర నోటితో చెప్పాల్సిన ఒక్క మాట కూడా అదే.

నేను నీ ఉత్తరంలోంచి తీసి, మీ యాసలో, ఒకటి రాసి చూపిస్తాను. ఇందులో కొన్ని చిన్న చిన్న సంగతులు నేను ఊహించి పెట్టాను, అక్కడ నీకు నిజంగా గుర్తున్నవి పెట్టుకో, దీన్ని ఉన్నదున్నట్టు మాత్రం ఎత్తిరాయకు, అది పట్టేస్తుంది.

"ఒసేయ్,

ఇది చదివేటప్పటికి నీకు నిద్ర పట్టక రాత్రి రెండో మూడో అయితుండొచ్చు. ఇక్కడ పగలే. నేను మేల్కొనే ఉన్న, ఫోన్ చెయ్యాలనిపిస్తే చెయ్యి, ఏడ్వాలనిపించినా చెయ్యి, మీ అమ్మకు చెప్ప.

చిలుకూరుల 108 తిరిగిన రోజు గుర్తుందా. డెబ్బై అయినంక నువ్వు ఇంక నడవలేనే అన్నవ్, నేను కార్డు చూపెట్టి ఇంక ముప్పై ఎనిమిదే అన్న. అప్పటికెల్లి నువ్వు లెక్క అడగలే, నేను టిక్కు పెట్టంగనే నా చెయ్యి చూసి నడిసినవ్. ఆఖరి చుట్టు అయినంక మెట్ల కాడ కూసుని కొబ్బరిముక్క సగం నాకిచ్చినవ్. నాకు ఆ రోజు మస్తు మంచిగ అనిపించింది, నీకు ఇప్పటిదాక చెప్పలే.

నాకు వీసా రాలేదని బాధ ఉంది. లేదంటే నువ్వు నమ్మవ్. కని ఆ బాధ ఆ కౌంటర్ కాడనే ఉంది, నీ మీదికి ఒక్క రోజు కూడా రాలే. నీకు వచ్చిన రోజు నేను ఒర్రిన ఒర్రుడు నిజమే.

రెండో ఆదివారం, నాలుగో ఆదివారం పొద్దుగాల ఎనిమిదింటికి నేను మీ అమ్మ దగ్గర ఉంట. నీకు శనివారం రాత్రి తొమ్మిదిన్నర. ఫోన్ నేనే చేస్త. పని ఉంటే ఎత్తకు, ఏమనుకోం, మేమిద్దరం చాయ్ తాగి మాట్లాడుకుంటం. గ్యాస్ బుక్ చేసుడు, కరెంట్ బిల్లు నేను చూసుకుంట, నువ్వు అక్కడికెల్లి టెన్షన్ పడకు.

నీకు వంట వచ్చిన రూమ్మేట్ దొరకాలె, ఎందుకంటే నీ చేతి పప్పు ఎట్లుంటదో నాకు తెల్సు. మొదటి క్లాసుల సారు చెప్పేది అర్థం కావాలె. క్యాంపస్‌ల పని జల్దిన దొరకాలె. చలి మొదలైతే స్వెటర్ వేసుకోను సోకు చేస్త అనకు.

క్షేమంగ పోయి లాభంగ రా.

పోయిరావే."

చూశావా, ఇందులో మిస్ యూ అనే మాట ఎక్కడా రాయలేదు, స్నేహం అనే మాట కూడా లేదు. వాటిని పేరు పెట్టి పిలవాల్సిన అవసరం పడలేదు, కార్డు మీద టిక్కు ఉంది, సగం కొబ్బరిముక్క ఉంది, ఆదివారం ఎనిమిది ఉంది. జ్ఞాపకం ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒకటే, అది ఇంకో ఫ్రెండ్ కూడా రాయగలిగేదైతే పక్కన పెట్టేస్తా. ఫ్రెషర్స్ డే, ఫేర్‌వెల్‌లో చీరలు, గోవా ట్రిప్ ఇవి బ్యాచ్ మొత్తానికీ ఉంటాయి, గ్రూపులో ఎవరో ఒకరు ఎలాగూ ఫొటోలు పెడతారు. ఇద్దరే ఉన్నప్పుడు జరిగిందొకటి చాలు, నాలుగేళ్ళు ఉన్నాయి కదా అని ఏడెనిమిది జ్ఞాపకాలు వరసగా రాస్తే ఒక్కోదానికి ఒక్కో లైనే మిగులుతుంది, ఏదీ కళ్ళ ముందుకి రాదు.

రాసేటప్పుడు ఒక పని చెయ్యి, ముందు ఫోన్‌లో వాయిస్ రికార్డ్ పెట్టుకుని ఆ చిలుకూరు రోజు గురించి దానితోనే మాట్లాడుతున్నట్టు రెండు నిమిషాలు చెప్పు, తర్వాత విని అందులోంచి రాసుకో. పెన్ను పట్టుకోగానే మనకి బళ్ళో నేర్చుకున్న లేఖా రచన గుర్తొచ్చి వాక్యాలు బిగుసుకుపోతాయి, నోటితో చెప్పినప్పుడు అలా అవ్వదు. రాశాక గట్టిగా చదువు, ఏ మాట దగ్గర నీ గొంతు నీది కానట్టు అనిపిస్తే ఆ మాట తీసేయ్. కొట్టివేతలు ఉంటే ఉండనీ, మళ్ళీ ఫెయిర్ కాపీ చేయకు, నువ్వు ఎక్కడ తడబడ్డావో దానికి కనపడడం మంచిదే. మొత్తం అయ్యాక ఎవరికీ చూపించకు, ఫొటో తీసి స్టేటస్ కూడా పెట్టకు, పదిమంది చూసేశాక అది దాని ఉత్తరం కాదు. రెండో తారీఖుకల్లా రాసేసి పెట్టుకో, చివరి రోజు బ్యాగుల హడావుడిలో నీకు కూర్చోవడానికి చోటు కూడా దొరకదు.

ఒకవేళ అది చదివి రెండు రోజులు ఏమీ అనకపోతే కంగారుపడి చదివావా అని అడగకు. నేను నా ఫ్రెండ్‌కి ఆ కాగితం గురించి మాట్లాడింది నవంబర్‌లో, అప్పటిదాకా గొంతు పెగల్లేదు. ఈలోపు నువ్వు మాటిచ్చిన ఆదివారం వస్తుంది, నువ్వు ఎనిమిదింటికి వాళ్ళింట్లో ఉండు, నీ మాట నువ్వు నిలబెట్టుకుంటే దాని జవాబు దాని టైమ్‌కి అది చెప్తుంది. నీకు ఆ పొద్దున కష్టంగా ఉంటే, వాళ్ళింట్లో దాని గది చూసి నీ వీసా గుర్తొచ్చి ఏడుపొస్తే, ఆంటీ ముందే ఏడువ్, ఆవిడకి కూడా ఆ రోజు తోడు కావాలి.

అన్నట్టు ఆ కార్డు ఏం చేశావ్? నూట ఎనిమిది టిక్కులూ నీ చేత్తో పెట్టినది కదా, నీ పర్సులోనో, ఆ రోజు వేసుకున్న బ్యాగు జిప్పులోనో ఉందేమో ఒకసారి వెతుకు. దొరికితే ఉత్తరం మడత మధ్యలో అది పెట్టు.